వరద తర్వాత లోన్ వాయిదా: చిన్న దుకాణదారుకు ఉన్న గడువు 3 నెలలే

2024 సెప్టెంబరు 1 నాటికి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి వచ్చేసింది. దాని కట్టకు పడిన మూడు గండ్లూ పూడ్చేసరికి 7వ తేదీ, వినాయక చవితి వచ్చింది. ఈలోగా 5వ తేదీ దాటిపోయింది. చిన్న వ్యాపారుల్లో చాలామందికి లోన్ వాయిదా ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేది నెల మొదటి వారంలోనే. దుకాణంలో నడుముల్లోతు నీళ్లున్నాయన్న సంగతి బ్యాంకు కంప్యూటర్‌కు తెలియదు. ఖాతాలో డబ్బుంటే తీసుకుంటుంది, లేకపోతే బౌన్స్ చార్జీ వేస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలలోనే పరిహారం ప్రకటించింది. చిన్న దుకాణాలకు 25 వేల రూపాయలన్నారు. ఆ డబ్బు బురద ఎత్తిపోయడానికి, ఫ్రిజ్ బాగు చేయించడానికి, కొంత సరుకు తెచ్చుకోవడానికి సరిపోతుందేమో కానీ నెలనెలా కట్టాల్సిన అప్పుకు అది జవాబు కాదు. అప్పు సంగతి బ్యాంకుతోనే తేల్చుకోవాలి. అందుకు నిబంధనలు ఉన్నాయి. అయితే అవి ముందు రైతును దృష్టిలో పెట్టుకుని రాసినవి. వ్యాపారి సంగతి వాటిలో ఒక పక్కకు ఉంటుంది, అది కూడా అడిగినవాడికే అందేలా ఉంటుంది. నా అభ్యంతరం అక్కడే.

ఆ వరద నాటికి అమల్లో ఉన్నవి ప్రకృతి వైపరీత్యాలపై రిజర్వ్ బ్యాంకు 2018లో వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాలు. వాటి ప్రకారం వైపరీత్యం రాగానే రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ గానీ, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఉండే సంప్రదింపుల కమిటీ గానీ సమావేశం కావాలి. రైతుకైతే దారి స్పష్టంగా ఉంది. పంట 33 శాతమో అంతకు మించో పోయిందని తేలితే పంట రుణాన్ని రీషెడ్యూల్ చేస్తారు, అంటే తీర్చే గడువు పెంచి వాయిదాలు మళ్లీ వేస్తారు. ఎన్నేళ్లకు అన్నది కూడా అక్కడే రాసి ఉంది. వ్యాపారులు, చేతివృత్తులవాళ్లు, చిన్న పరిశ్రమల దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. నష్టం తీవ్రతను బట్టి వాళ్ల అప్పులను కూడా రీషెడ్యూల్ చేయాలా వద్దా అన్నది కమిటీయే నిర్ణయించాలి. కమిటీ సరేనన్నా, ఎవరికి ఎంత అన్నది ఒక్కో ఖాతా చూసి బ్రాంచి తేలుస్తుంది.

కరోనా నాటి మారటోరియం, అంటే వాయిదాలకు ఇచ్చిన విరామం, జనం మనసులో బాగా నిలిచిపోయింది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా దేశమంతటికీ ఒకే మాట చెప్పారు. అందుకే వరద వచ్చినా అలాగే టీవీలో ప్రకటన వస్తుందని, వాయిదాలు ఆగిపోతాయని చాలామంది ఎదురుచూస్తారు. వరదకు అలా జరగదు. ఎదురుచూసిన ఆ వారాలే ప్రాణం మీదికి తెస్తాయి.

ఎందుకంటే అదే 2018 ఆదేశాల్లో ఒక గడువు ఉండేది. వైపరీత్యం జరిగిన రోజు నుంచి 3 నెలల్లో రీషెడ్యూల్ పని పూర్తయితే, వైపరీత్యం నాటికి ఖాతా ఎలా ఉందో అలాగే కొనసాగించవచ్చు. అంటే అప్పటిదాకా సక్రమంగా కట్టిన ఖాతా సక్రమమైనదిగానే ఉంటుంది. ఆ గడువు దాటాక రీషెడ్యూల్ చేస్తే ఈ వెసులుబాటు వర్తించదు, అప్పుడు మేనేజర్ సహజంగానే వెనకాడతాడు. పైగా వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా మొండి బాకీల్లోకి, అంటే ఎన్‌పీఏలోకి వెళ్తుంది. రెండు గడువులూ దాదాపు ఒకేసారి ముగుస్తాయి. విజయవాడ వ్యాపారికి ఆ గడువు నవంబరు నెలాఖరు. మధ్యలో దసరా, దీపావళి ఉన్నాయి. సరుకు మళ్లీ నింపుకునే హడావుడిలో బ్యాంకు వైపు చూసే తీరికే దొరకదు.

అడిగేటప్పుడు ఏం అడగాలి? ‘కొన్ని నెలలు వాయిదా ఆపండి’ అంటే సరిపోతుందనుకుంటారు. లెక్క వేసి చూస్తే అది ఎంత అసంపూర్తి మాటో తెలుస్తుంది. ఉదాహరణకు ఒక కిరాణా దుకాణం తీసుకుందాం. 11 శాతం వడ్డీకి 5 లక్షల లోన్, 5 ఏళ్ల గడువు, నెలకు సుమారు 10,870 రూపాయల వాయిదా. రెండేళ్లు సక్రమంగా కట్టాక వరద వచ్చింది. అప్పటికి మిగిలిన అసలు దాదాపు 3 లక్షల 32 వేలు. బ్యాంకు 6 నెలలు ఆగింది. ఆ 6 నెలలకు వడ్డీ ఆగదు. నెలకు 3 వేల పైచిలుకు చొప్పున, వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా 18 వేల పైన చేరుతుంది. ఇప్పుడు బాకీ 3 లక్షల 50 వేలు.

అసలు తేడా ఇక్కడి నుంచి మొదలవుతుంది. లోన్ ముగిసే తేదీని కదపకుండా బ్యాంకు 6 నెలలు మాత్రమే ఆపితే, మిగిలిన 30 నెలల్లో నెలకు 13,400 దాకా కట్టాలి. వరదకు ముందు 10,870 కట్టిన దుకాణం, సగం ఖాళీ అరలతో 13,400 ఎలా కడుతుంది? పాత వాయిదానే ఉంచి గడువు పెంచితే, మొదట అనుకున్నదానికంటే ఎనిమిది తొమ్మిది నెలలు ఆలస్యంగా లోన్ తీరుతుంది, మొత్తం మీద 26 వేల దాకా అదనంగా పడుతుంది. అదే 6 నెలల విరామం తర్వాత నాలుగున్నరేళ్లకు సర్దితే వాయిదా 8,250కి దిగుతుంది, కానీ అదనంగా కట్టేది 54 వేలు దాటుతుంది. పేరుకు మూడూ ‘మారటోరియం’ కిందికే వస్తాయి. మొదటిది దుకాణాన్ని ముంచుతుంది, రెండోది త్వరగా కోలుకునేవాళ్లకు పనికొస్తుంది, ఇల్లు కూడా నీట మునిగినవాళ్లకు మూడోదే దిక్కు. అందుకే విరామం ఎన్ని నెలలు, తర్వాత వాయిదా ఎంత, లోన్ ఎప్పటికి తీరుతుంది అన్న మూడు సంగతులూ దరఖాస్తులో అడగాలి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మూడూ అంకెల్లో చూడాలి.

సీసీ, అంటే సరుకు తాకట్టు మీద హద్దు మేరకు అవసరమైనప్పుడు వాడుకునే క్యాష్ క్రెడిట్ ఖాతా ఉన్నవాళ్లది ఇంకో చిక్కు. వాళ్లకు నెలవారీ వాయిదా ఉండదు కాబట్టి ప్రమాదం ఆలస్యంగా కనిపిస్తుంది. సీసీలో ఎంత వాడుకోవచ్చన్నది దుకాణంలో ఉన్న సరుకును బట్టి ఉంటుంది. 4 లక్షల సరుకు ఉంటే, నాలుగో వంతు మార్జిన్ తీసేసి 3 లక్షల డ్రాయింగ్ పవర్ ఇస్తారనుకోండి. వ్యాపారి అందులో 2 లక్షల 80 వేలు వాడాడు. వరద తర్వాత అమ్మడానికి పనికొచ్చే సరుకు 60 వేలదే మిగిలింది. ఇప్పుడు డ్రాయింగ్ పవర్ 45 వేలు. అంటే 2 లక్షల 35 వేలు హద్దు దాటిపోయినట్టు. అది అలాగే 90 రోజులు ఉంటే ఆ ఖాతా కూడా మొండి బాకీయే. ఈ భయంతో కొందరు పాత అంకెలతోనే స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చేస్తారు. అది చాలా ప్రమాదకరం. రేపు బీమా సర్వేయర్ వేసిన నష్టానికీ ఆ కాగితానికీ పొంతన కుదరదు, క్లెయిమే సందేహంలో పడుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపించి, హద్దు దాటిన మొత్తాన్ని విడిగా వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోన్‌గా మార్చి మూడు నాలుగేళ్ల వాయిదాలు వేయమని, కొత్త సరుకుకు తాజాగా లిమిట్ ఇవ్వమని అడగాలి. బ్యాంకువాళ్లకు ఈ పద్ధతి తెలుసు. వ్యాపారి నోటి నుంచి ఆ మాట వస్తే చర్చ వేరే స్థాయిలో సాగుతుంది.

బీమా అన్నాను కాబట్టి ఒక్క మాట. సరుకు తాకట్టు మీద లోన్ ఇచ్చిన బ్యాంకు చాలాసార్లు బీమా కూడా చేయించి, ప్రీమియం ఖాతాలోంచే తీసుకుంటుంది. ఆ పాలసీ ఉందన్న సంగతి దుకాణదారుకు తెలియకపోవచ్చు. పాస్‌బుక్‌లో ప్రీమియం కట్ అయిన లైను ఉందేమో వెతకాలి. క్లెయిమ్ డబ్బు నేరుగా లోన్ ఖాతాకు వెళ్తుంది కాబట్టి, దాన్ని బాకీకి జమచేసుకున్నాక మిగిలినదానికే రీషెడ్యూల్ లెక్క వేయించుకోవాలి.

దరఖాస్తు నోటిమాటగా ఉండకూడదు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. లేదా బ్రాంచి ఈమెయిల్‌కు పంపాలి. లోన్ నంబరు, వరద వచ్చిన తేదీ నాటికి వాయిదాలేవీ బాకీ లేవన్న మాట, నీటిమట్టం కనిపించే ఫోటోలు, నష్టం రాసుకెళ్లిన సిబ్బంది ఇచ్చిన కాగితం లేదా వార్డు సచివాలయం ధ్రువీకరణ, అంతకుముందు ఏడాది అమ్మకాలు చూపే జీఎస్టీ రిటర్నులు గానీ యూపీఐ స్టేట్‌మెంట్ గానీ జతచేయాలి. వీటన్నిటికంటే బ్యాంకు ఎక్కువగా చూసేది ఇంకొకటుంది: ఈ దుకాణం మళ్లీ నడుస్తుందా అన్నది. ఏ నెలకు ఎంత అమ్మకం వస్తుందని అనుకుంటున్నారో, అందులో ఎంత కట్టగలరో ఒక పేజీలో రాస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పాత బాకీ వాయిదాలు కట్టడానికే ‘టాప్ అప్’ లోన్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది సాయం కాదు, కొత్త ఫీజుతో పాత అప్పును పెంచడమే.

బ్యాంకు జవాబు ఇవ్వకపోతే జిల్లాలో లీడ్ బ్యాంకు తరఫున పనిచేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్‌కు ఆ ముద్ర వేసిన ప్రతి చూపించవచ్చు. 30 రోజులు దాటితే cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆ ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, బ్యాంకు వ్యాపార నిర్ణయంలో జోక్యం చేసుకోరు. జవాబే ఇవ్వలేదనో, నిబంధన పాటించలేదనో చేసిన ఫిర్యాదు నిలుస్తుంది. ‘లోన్ మార్చలేదు’ అన్న ఫిర్యాదు నిలవకపోవచ్చు.

పైన చెప్పిన 2018 ఆదేశాలు బ్యాంకులవి. దుకాణదారుడి అప్పుల్లో బ్యాంకుది ఒక భాగమే. ఫైనాన్స్ కంపెనీ లోన్‌కు ఆ కంపెనీ విధానమే ఆధారం, అందుకని అక్కడ కూడా అదే రోజు, అదే దరఖాస్తు ఇవ్వాలి. మైక్రోఫైనాన్స్ వాళ్లయితే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదన్న నిబంధన ఉంది. రోజువారీ ఫైనాన్స్‌కు ఏ కమిటీ నిర్ణయమూ వర్తించదు. వాళ్లే రోజూ గుమ్మం ముందు నిలబడతారు కాబట్టి చేతిలో ఉన్న కాస్త డబ్బూ ముందు వాళ్లకే పోతుంది, బ్యాంకు వాయిదా ఎగిరిపోతుంది. నిబంధనల రక్షణ ఉన్న అప్పే మొదట పాడవుతుంది. బ్యాంకు విరామం చేతికొస్తే తప్ప ఈ వరస తిరగబడదు.

అందుకే అడిగే భారమంతా వ్యాపారి మీద వేయడం అన్యాయమంటాను. పంటకు 33 శాతం నష్టమన్న కొలత ఉన్నట్టు దుకాణానికీ ఒకటి ఉండాలి. ఇంటింటికీ తిరిగి ప్రభుత్వం నష్టం రాసుకున్న జాబితాలో పేరుంటే చాలు, బ్యాంకు వేరే రుజువు అడగకూడదు. ఆ జాబితాలోని ప్రతి లోన్ ఖాతాకు మొదటి వాయిదా బ్యాంకే ఆపి, వద్దనుకున్నవాళ్లు చెప్పేలా చేయాలి. జిల్లా కమిటీ తీర్మానాన్ని మర్నాడే ప్రతి బ్రాంచి గోడ మీద తెలుగులో అంటించాలి. 3 నెలలు చాలవని కమిటీ అనుకుంటే, గడువు పెంచమని రిజర్వ్ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాన్ని కోరే వీలు 2018 ఆదేశాల్లోనే ఉండేది. పండగ సీజన్ మధ్యలో వచ్చిన వరదకు ఆ ఉత్తరం రెండో నెలలోనే రాయాలి. వర్తక సంఘాలు కలెక్టర్‌ను కలిసినప్పుడు పరిహారంతో పాటు ఆ ఉత్తరం కాపీ కూడా అడిగి తీసుకోవాలి.