‘సార్’ పక్కన ఎన్ని కేకులు?

మా పిన్ని కొడుకు మొన్న తన టీమ్ లీడ్‌కి పుట్టినరోజు మెసేజ్ రాసి, పంపే ముందు నాకు చూపించాడు. ‘హ్యాపీ బర్త్‌డే సార్!!! 🎂🎉🥳❤️🔥’ అని ఉంది. వాడు ఆ టీమ్‌లో చేరి రెండు నెలలే.

తెలుగులో గౌరవం, చనువు మాటల్లోనే తేలిపోతాయి. ‘మీరు’ అన్నా ‘సార్’ అన్నా మధ్యలో ఎంత దూరం ఉందో చెప్పేసినట్టే. ఎమోజీ ఆ దూరాన్ని తగ్గిస్తుంది. ‘సార్’ అంటూ ఓ అడుగు వెనక్కి నిలబడి, వెంటనే ఎర్ర గుండెతో మీద పడితే ఎదుటివాళ్లకు ఇబ్బందే. అందుకని ముందు గుండె, మంట తీసేయించాను. కేకు, పార్టీ బొమ్మల బదులు ఒక్క పూలగుత్తి పెట్టించాను. ఆశ్చర్యార్థకాలు మూడు ఒకటయ్యాయి. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు సార్! 💐’

ఆ ఒక్క ఆశ్చర్యార్థకం ఎందుకు ఉంచానంటే, ఫోన్ మెసేజ్‌లో ఫుల్‌స్టాప్ ముక్తసరిగా వినిపిస్తుంది. అమెరికాలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, ఫుల్‌స్టాప్‌తో ముగిసిన ఒక్కమాట జవాబులు అంత మనస్ఫూర్తిగా అనిపించలేదని తేలింది. అది ఇంగ్లిష్ మెసేజ్‌ల సంగతే అయినా, స్నేహితుడికి ‘హ్యాపీ బర్త్‌డే.’ అని పంపి చూడండి, ‘ఏరా, కోపమా?’ అని అడుగుతాడు.

అలాగని పెద్దవాళ్లకు తక్కువ, చిన్నవాళ్లకు ఎక్కువ అని లెక్క కడితే తప్పుతుంది. మా మేనత్త ఎవరి పుట్టినరోజుకైనా పది గులాబీలు, నాలుగు కేకులు, మెరుపుల బొమ్మ ఒకటి పంపుతుంది. ఆవిడకు ఒక్క పువ్వుతో సరిపెడితే మొక్కుబడిగా పంపామనుకుంటుంది. కాలేజీ పిల్లలేమో మూడు ఆశ్చర్యార్థకాలు చూస్తే నవ్వుకుంటారు. వయసు కన్నా, ఆ మనిషి మనకు పంపిన చివరి నాలుగైదు మెసేజ్‌లు చూసుకోవడం మేలు. వాళ్లు వాడినన్ని వాడొచ్చు. పై అధికారి అయితే ఒకటి తగ్గించాలి.

పెద్దలకు 🙏 వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫ్యామిలీ గ్రూపులో ‘ఓం శాంతి’ పక్కన కనిపించేదీ అదే. ఫలానా గారి ఫొటో కింద వరసగా 🙏🙏🌹 కనిపిస్తే, పైకి వెళ్లి అసలు విషయం చదివేదాకా గుండె దడే. నమస్కారం పెట్టాలనుకుంటే పక్కన కేకు కూడా ఉండాలి.

స్టిక్కర్‌కు ఇంకో చిక్కుంది. అది వాక్యం చివర కూర్చోదు, విడి మెసేజ్‌గా వెళ్తుంది. మాటలు లేకుండా అదొక్కటే పంపితే, పేరు పెట్టి పలకరించడానికి కూడా బద్ధకించినట్టుంటుంది. స్నేహితుడి పాత ఫొటోతో చేసిన స్టిక్కర్ విడిగా పంపితే పండగే. అతని అత్తమామలున్న గ్రూపులో పడితే గొడవే. నేను ఒకసారి వేశాను, అతను వారం పాటు ఫోన్ ఎత్తలేదు.

ఇంతకీ మావాడి పూలగుత్తికి సార్ నుంచి జవాబు వచ్చింది: ‘థాంక్యూ బ్రో!!! 😍😍🔥’. మంట తీయించింది నేనేనని వాడు ఇప్పటికీ గుర్తుచేస్తున్నాడు.