జుట్టు మాత్ర, థైరాయిడ్ రిపోర్టు

జుట్టు రాలుతోందని మందుల షాపులో అడిగితే చేతికొచ్చే మాత్రల్లో ఎక్కువ భాగం బయోటిన్ అనే విటమిన్ ఉన్నవే. చీటీ అక్కర్లేదు. పక్కింటావిడ వాడి బాగుందన్నా చాలు. ఒంటికి రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. మనం తినే గుడ్డు, పల్లీలు, పప్పుల్లోనే అది దొరుకుతుంది. షాపులో అమ్మే మాత్రలో ఉండేదేమో 5 నుంచి 10 మిల్లీగ్రాములు, అంటే అవసరానికి నూట అరవై నుంచి మూడు వందల రెట్లకు పైగా. మిగిలింది మూత్రంలో పోతుంది కాబట్టి ఒంటికి పెద్దగా హాని లేదంటారు. ఆ మాట నిజమే. చిక్కు ఒంట్లో రాదు, ల్యాబ్‌లో వస్తుంది.

ఇలాంటి కేసు ఎలా నడుస్తుందో చూడండి. నలభై రెండేళ్ల గృహిణి ఏడేళ్లుగా 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది. ఆమెకు అది ఎప్పుడు చూసినా 2, 3 మధ్యనే. జుట్టు పలచబడుతోందని 10 మిల్లీగ్రాముల బయోటిన్ మొదలుపెట్టింది. రోజూ తెల్లారగానే థైరాయిడ్ మాత్ర, కాసేపాగి జుట్టు మాత్ర. ఆరు నెలలకు ఇంటికొచ్చిన ల్యాబ్ కుర్రాడు ఎనిమిదింటికి రక్తం తీసుకెళ్లాడు. సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.15, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 2.1. మొదటిది ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ, రెండోది ఎక్కువ. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన ఏ డాక్టరైనా మందు ఎక్కువైందనే అనుకుంటారు. మోతాదు 50కి దిగింది. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే 0.3. ఇంకా ఎక్కువే పడుతోందనుకుని 25కి దించారు. మరో ఆరు వారాలకు చూసినా అదే 0.3.

మందు నిజంగా ఎక్కువైతే గుండె దడదడలాడాలి, చేతులు వణకాలి, తిన్నా బరువు తగ్గాలి. ఆమెకు జరిగింది తలకిందులు. మూడు కిలోలు పెరిగింది. పొద్దున్నే ముఖం ఉబ్బుతోంది, మలబద్ధకం, మధ్యాహ్నానికే నీరసం. నాడి నిమిషానికి 62. జుట్టు ఇంకా ఎక్కువ రాలుతోంది, అందుకే ఒక్కరోజు కూడా మానకుండా బయోటిన్ వేసుకుంటోంది. థైరాయిడ్ తక్కువైతే జుట్టు రాలుతుందన్న సంగతి ఆమెకు ఎవరూ గుర్తుచేయలేదు.

ల్యాబ్‌లో ఏం జరిగిందో అర్థం కావడానికి ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకుంటే చాలు. చాలా హార్మోన్ పరీక్షల్లో స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ పూసిన సన్నటి అయస్కాంతపు పూసలు వాడతారు. ఆ ప్రోటీన్‌కు బయోటిన్ అంటే ప్రాణం, ఒకసారి పట్టుకుంటే దాదాపు విడవదు. ఆ పట్టును నమ్ముకునే కిట్టు తయారుచేసేవాళ్లు టీఎస్‌హెచ్‌ను పట్టే యాంటీబాడీకి బయోటిన్ తోక తగిలిస్తారు. యాంటీబాడీ రక్తంలోని టీఎస్‌హెచ్‌ను పట్టుకుని, తోకతో పూస మీది సీట్లో కూర్చుంటుంది. వెలుగునిచ్చే రెండో యాంటీబాడీ దానికి అంటుకుంటుంది. కూర్చోని వాటిని కడిగేసి, మిగిలిన వెలుగును మెషీన్ కొలుస్తుంది. వెలుగు ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఎక్కువ.

ఇప్పుడు రోగి రక్తంలోనే విడి బయోటిన్ గుంపుగా వచ్చిందనుకోండి. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్‌లు వేసేసినట్టు అది సీట్లన్నీ ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్‌ను పట్టుకొచ్చిన యాంటీబాడీకి చోటుండదు, కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. వెలుగు తగ్గుతుంది. మెషీన్ టీఎస్‌హెచ్ లేదని రాస్తుంది.

ఫ్రీ టీ4 లెక్క వేరు. అది చిన్న అణువు, రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టేంత చోటు దాని మీద లేదు. అందుకని రక్తంలోని టీ4కూ కిట్టులోని టీ4కూ మధ్య పోటీ పెడతారు. అక్కడ వెలుగు ఎంత తగ్గితే హార్మోన్ అంత ఎక్కువని అర్థం. సీట్లు నిండిపోయి వెలుగు తగ్గితే, లేని టీ4 ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్క మాత్ర ఒక పరీక్షను కిందికి, ఇంకోదాన్ని పైకి నెట్టి, రెండూ ఒకే జబ్బును చూపేలా చేస్తుంది. ఇదే పద్ధతిలో చేసే కొన్ని యాంటీబాడీ పరీక్షలు కూడా తప్పుగా పాజిటివ్ వస్తే, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు లేకపోయినా దానికి మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. టెస్టోస్టెరాన్, ఈస్ట్రడయోల్, కార్టిసాల్ ఎక్కువ చూపవచ్చు. పారాథైరాయిడ్ హార్మోన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువ చూపవచ్చు.

అన్ని మెషీన్లూ ఇలా మోసపోవు. కొన్ని కంపెనీల కిట్లలో బయోటిన్ పట్టు అసలే ఉండదు. ఉన్నవాటిలో కొత్త తరం కిట్లు చాలా ఎక్కువ బయోటిన్‌ను తట్టుకుంటాయి. అందుకే ఒకే రోజు రెండు ల్యాబుల్లో ఇచ్చిన రక్తానికి రెండు పొంతన లేని జవాబులు వస్తాయి. జనం మాత్రం ఫలానా ల్యాబ్ మంచిది కాదని తీర్మానించేస్తారు.

ఆమె విషయంలో ముడి విప్పింది ఒక్క ప్రశ్న. మూడో డాక్టరు నాడి పట్టుకుని, రిపోర్టు పక్కన పెట్టి, ‘ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా, జుట్టుకి గానీ గోళ్లకి గానీ?’ అని అడిగారు. బయోటిన్ మూడు రోజులు ఆపించి, థైరాయిడ్ మాత్ర అలాగే ఉంచి, అదే ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ 14, ఫ్రీ టీ4 0.7. నిజంగా మందు మోతాదు మారితే టీఎస్‌హెచ్ సర్దుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. మూడు రోజుల్లో 0.3 నుంచి 14కి ఎగబాకిందంటే మారింది ఒళ్లు కాదు, కొలత. మోతాదు మళ్లీ 75కి వెళ్లింది.

థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతోంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, లేదా నరాల జబ్బుకు వందల మిల్లీగ్రాములు వాడేవారిలో అది త్వరగా బయటికి పోదు, ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆగే వ్యవధే ఉండదు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కొన్ని కిట్లలో ఇదే పద్ధతిలో సాగుతుంది. బయోటిన్ ఎక్కువగా వాడుతున్న ఒకరికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపి, ఆ తర్వాత చనిపోయారన్న సమాచారంతో అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబరులో హెచ్చరిక ఇచ్చింది. క్యాజువాలిటీలో ఈ మాత్ర మాట ముందే చెప్పాలి.

లక్షణాలకూ రిపోర్టుకూ పొంతన లేని ప్రతిసారీ తప్పు బయోటిన్‌దే కాదు. కొందరి రక్తంలో సహజంగా ఉండే యాంటీబాడీలు కూడా కిట్టును తికమక పెడతాయి. మాత్ర ఆపినా అంకె కదలకపోతే, అదే శాంపిల్‌ను వేరే పద్ధతి వాడే ల్యాబ్‌కు పంపడమే మార్గం.

మా అభ్యంతరం ఒకటే. ఎంత బయోటిన్ దాటితే ఫలితం నమ్మకూడదో కిట్టుతో వచ్చే కాగితంలో ముద్రించి ఉంటుంది. ఆ కాగితం ల్యాబ్ అల్మారా దాటి బయటికి రాదు. డాక్టరు చూడరు, రోగి చూడరు. ఇంటికొచ్చే కుర్రాడు ‘పరగడుపునే ఉన్నారా’ అని తప్పకుండా అడుగుతాడు. థైరాయిడ్ పరీక్ష వరకు ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. దాని పక్కనే ‘జుట్టుకు ఏమైనా మాత్ర వాడుతున్నారా, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు’ అనే గడి ఒకటి ఫారంలో చేర్చడానికి ఏ ల్యాబ్‌కూ ఖర్చు కాదు. ఏ పద్ధతిలో కొలిచారో, అది బయోటిన్‌కు లొంగుతుందో లేదో రిపోర్టు కింద ఒక వరుసలో రాయాలి. ‘రక్తపరీక్షకు ముందు ఆపండి’ అన్న మాట మాత్రల డబ్బా మీద, తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో ఉండాలి.