ఆకుపచ్చ చుక్క ఉంటే జంతువుల నుంచి వచ్చింది ఏదీ లేనట్టేనా? కాదు!

పోయిన నెల మా అమ్మాయి హాస్టల్‌కు బయల్దేరుతుంటే దారిలో తింటుందని డార్క్ చాక్లెట్ పూత వేసిన బాదం ప్యాకెట్ ఒకటి కొన్నాను. తను రెండేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ ముట్టదు. అందుకే షాపులోనే నిలబడి ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూశాను. ఆకుపచ్చ చుక్క ఉంది. పాలపొడి లేదు, వెన్న లేదు. ధైర్యంగా తెచ్చి బ్యాగులో పెట్టాను.

తను తీసి వెనక వైపు ఒకసారి చదివి, "నాన్నా, ఇది నేను తినలేను. ఇందులో 904 ఉంది" అంది.

నాకు అర్థం కాలేదు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాను. బాదం, చక్కెర, కోకో ఘనపదార్థాలు, కోకో బటర్, సోయా నుంచి తీసిన ఎమల్సిఫయర్, ఆఖరున గ్లేజింగ్ ఏజెంట్లు అని రాసి 414, 904 అని రెండు అంకెలు. గ్లేజింగ్ ఏజెంట్ అంటే పైన మెరుపు కోసం, గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటం కోసం వేసే పల్చటి పూత. 414 అంటే తుమ్మజాతి చెట్ల జిగురు. దానితో పేచీ లేదు. 904 అంటే షెల్లాక్. షెల్లాక్ అంటే మనం లక్క అంటామే, అదే.

లక్క మనకు కొత్త కాదు. లక్క ఇల్లు కథ వింటూ పెరిగాం. లాడ్ బజార్ గాజులు లక్కవే. ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు లక్కదే. కానీ అది ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చాలామంది చెట్టు బంక అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది చెట్టు మీద దొరుకుతుంది గానీ చెట్టు నుంచి కారదు. మోదుగ, రేగు లాంటి చెట్ల లేత కొమ్మలకు లక్క పురుగులు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తాయి. తమ ఒంటి నుంచి ఒక జిగురు వదిలి దాన్నే గూడులా చుట్టూ కప్పుకుంటాయి. ఆడ పురుగు ఆ పెంకు లోపలే బతికి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. రైతు ఆ కొమ్మలు కోసి పెంకు గీకి తీస్తాడు. దాన్ని దంచి, కడిగి, కరిగించి, వడకట్టి పల్చటి రేకులుగా చేస్తే అది షెల్లాక్. గీకినప్పుడు పెంకులో ఉన్న పురుగులూ దానితోపాటే వస్తాయి. తర్వాత శుభ్రం చేసేస్తారు, నిజమే. అయినా అది పురుగు ఒంటి నుంచి వచ్చిన పదార్థమే.

మరి ఆకుపచ్చ చుక్క ఎలా వేశారు? కంపెనీ వాళ్లు అబద్ధం ఆడారనే మొదట అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. తర్వాత నిబంధన వెతికి చదివితే తెలిసింది, వాళ్లు చట్టప్రకారం ఏ తప్పూ చేయలేదని. ఇక్కడే అసలు విషయం ఉంది. ఓపికగా చదవండి.

మన దేశంలో శాకాహారం అంటే ఏమిటో చట్టం నేరుగా చెప్పదు. మాంసాహారం ఏమిటో చెప్పి, అది కానిదంతా శాకాహారం అంటుంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబెలింగ్ నిబంధనల్లో మాంసాహారం నిర్వచనం ఇలా ఉంటుంది: జంతువులు, పక్షులు, కీటకాలు, చేపల్లాంటి నీటి జీవులు, గుడ్లు, జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థమైనా అందులో ఉంటే అది మాంసాహారం. ఇంతవరకూ గట్టిగానే ఉంది. ఆ వెంటనే ఒక మినహాయింపు వస్తుంది. పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, కార్నౌబా మైనం, షెల్లాక్ మాత్రం ఈ లెక్కలోకి రావు అని. అంతకుముందు 2011 నిబంధనల్లో మినహాయింపు పాలకూ పాల పదార్థాలకే ఉండేది. మిగతావి 2020లో పేరు పెట్టి మరీ చేర్చారు.

అంటే ఆకుపచ్చ చుక్క "జంతువుల నుంచి వచ్చింది ఏదీ లేదు" అని చెప్పడం లేదు. "ఈ జాబితాలో ఉన్నవి తప్ప ఇంకేవీ లేవు" అని చెబుతోంది. ఆ జాబితా మాత్రం ప్యాకెట్ మీద ఎక్కడా ఉండదు.

ఆ మినహాయింపుల్లో ఉన్న కార్నౌబా మైనం అసలు జంతువుదే కాదు. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు. దానికి మినహాయింపు అవసరమే లేదు. గ్లేజింగ్‌కు వాడే మైనాలన్నిటినీ ఒకే గంపలో వేసి, ఏది చెట్టుది, ఏది పురుగుది అని విడదీయకుండా రాసేసినట్టు కనిపిస్తోంది. నాకు బాధ కలిగించింది ఇదే. కోట్లమంది చుక్క చూసి తినే దేశంలో ఆ ఒక్క వాక్యం ఇంకాస్త జాగ్రత్తగా రాయాల్సింది.

ఇంకో తేడా చూడండి. కార్మైన్ అని ఎర్ర రంగు ఒకటి ఉంది, దాని సంఖ్య 120. అది కొచినీల్ అనే పురుగును ఎండబెట్టి తీసే రంగు. దానికి మినహాయింపు లేదు, కాబట్టి అది కలిస్తే చట్టం లెక్కలో మాంసాహారమే, గోధుమరంగు త్రికోణం పడాలి. లక్క కూడా పురుగు నుంచే వస్తుంది, దానికి మాత్రం ఆకుపచ్చ చుక్క. ఒకటి పురుగు ఒళ్లు, రెండోది పురుగు వదిలిన జిగురు అని వాదించవచ్చు. ఆ వాదన కొందరికి సరిపోతుంది, మా అమ్మాయికి సరిపోదు. ఏది సరిపోతుందో తినేవాళ్లు నిర్ణయించుకోవాలి కదా. ముందు వాళ్లకు తెలియాలి కదా.

పాల సంగతి వేరు. ఆకుపచ్చ చుక్క శాకాహారుల కోసం పెట్టింది, మన శాకాహారులు పాలు తాగుతారు, కాబట్టి పాలను మినహాయించడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. పైగా పాలు ఉంటే ప్యాకెట్ చెబుతుంది. అలర్జీ ఉన్నవాళ్ల కోసం "పాలు ఉన్నాయి" అని విడిగా రాయాలనే నిబంధన ఉంది. మసాలా చిప్స్‌లో పాలపొడి, పాల విరుగుడు నుంచి చేసే వే పౌడర్ ఉంటాయని మా అమ్మాయి ఆ వాక్యం చూసే పట్టుకుంది. తేనె, తేనెమైనం, లక్క అలర్జీ జాబితాలో లేవు. వాటి గురించి అలాంటి హెచ్చరిక ఉండదు. మైనమూ లక్కా అయితే పేరు కూడా కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఏ పని కోసం వేశారో చెప్పి పక్కన సంఖ్య వేస్తే సరిపోతుంది. 901 అంటే తేనెమైనం అని ఎంతమందికి తెలుసు?

ఆ అక్షరాలు కూడా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో ఉండాలని లేదు. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. గుడ్డు కలిసిన కేకు ఇంట్లోకి రానివ్వదు. ఆవిడ ప్యాకెట్ మీద చదవగలిగింది ఆ చుక్క ఒక్కటే. చిన్న ప్యాకెట్ మీద అది 3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆవిడ నమ్మకమంతా దాని మీదే. బాదం ప్యాకెట్ సంగతి చెబితే, "లక్కంటే గాజులకు వేసే లక్కేనా? అది తినిపిస్తున్నారా?" అని చాలాసేపు అలాగే కూర్చుంది. పాలు, పెరుగు లేకుండా పూట గడవని మనిషి ఆవిడ. జంతువుల నుంచి వచ్చింది ఏదీ తిననివాళ్లను వీగన్లు అంటారు, ఆ మాట కూడా ఆవిడకు తెలియదు. అయినా పురుగు జిగురు ఆవిడ లెక్కలో శాకాహారం కాదు. కాబట్టి ఇది వీగన్ల గొడవ మాత్రమే అని కొట్టిపారేయకండి.

అలాగని చుక్కను అసలు నమ్మొద్దని నేను అనడం లేదు. కొన్ని విషయాల్లో అదే మనకు ఆధారం. 471 అంటే పంది కొవ్వు అని ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. 471 అంటే మోనో, డై గ్లిజరైడ్లు. కొవ్వు నుంచి చేస్తారు. ఆ కొవ్వు పామాయిల్ కావచ్చు, జంతువుది కావచ్చు. అంకె చూసి చెప్పలేం. తయారైన పదార్థంలోనూ తేడా తెలియడం కష్టం. తయారీదారు దగ్గరున్న కాగితాలే ఆధారం. అయితే జంతువుల కొవ్వుకు మినహాయింపు లేదు. కాబట్టి ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్‌లో 471 ఉంటే అది మొక్కల నూనెదే అయి తీరాలి, లేకపోతే ఆ చుక్క అబద్ధం, అది నేరం. నూడుల్స్, చిప్స్‌లో రుచి కోసం వేసే 631 కూడా అంతే. మాంసం, చేపల నుంచీ తీయవచ్చు, పిండిపదార్థాలను పులియబెట్టీ తీయవచ్చు. ఈ 631 ప్రస్తావన ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. జంతువుల నుంచి వచ్చింది ఎంత తక్కువ శాతం కలిసినా అది మాంసాహారమేనని, ప్రతి పదార్థం కోడ్ ఒక్కటే కాకుండా అది మొక్కల నుంచి వచ్చిందా, జంతువుల నుంచి వచ్చిందా, ల్యాబ్‌లో చేసిందా కూడా చెప్పాలని 2021 డిసెంబర్‌లో కోర్టు ఆదేశించింది. నా చేతిలో ఉన్న బాదం ప్యాకెట్ మీద మాత్రం ఇప్పటికీ 904 అనే అంకె తప్ప ఇంకేమీ లేదు.

జంతువుల నుంచి వచ్చింది ఏదీ వద్దనుకునేవాళ్లకు వేరే గుర్తు ఉంది. 2022లో వీగన్ ఆహార నిబంధనలు వచ్చాయి. ఆకుపచ్చ రంగులో ఇంగ్లిష్ వి అక్షరం, దానికి చిన్న ఆకు. పాలు, తేనె, లక్క ఏవీ ఉండకూడదు. తయారీలో వాడి తీసేసే ఎంజైముల్లాంటివి కూడా జంతువులవి కాకూడదు. పైగా ఆకుపచ్చ చుక్క కంపెనీయే వేసుకుంటుంది, ఈ గుర్తుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. మా ఊరి షాపుల్లో ఆ గుర్తున్న ప్యాకెట్ వెతికితే సోయా పాల డబ్బా ఒకటి దొరికింది, అంతే.

చివరికి ఆ బాదం ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్ నంబర్‌కు ఫోన్ చేశాను. 904 దేని నుంచి వస్తుందని అడిగాను. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సార్, గ్రీన్ డాట్ ఉంది కదా, హండ్రెడ్ పర్సెంట్ వెజ్" అన్నాడు. "లక్క పురుగు నుంచి వస్తుంది కదా బాబూ" అంటే, కనుక్కుని చెబుతామన్నాడు. మూడు వారాలైంది. ఇంకా ఫోన్ రాలేదు.

అదే వారం మా ఇంట్లో ఉన్న ఇంకో కంపెనీ బిస్కెట్ల గురించి మెయిల్ పెట్టాను, 471 దేని నుంచి అని. నాలుగో రోజుకల్లా జవాబు వచ్చింది, పామాయిల్ నుంచి అని. చెప్పదలచుకుంటే ఒక్క లైనులో చెప్పేయొచ్చు. ఆ లైను ప్యాకెట్ మీద 904 పక్కన వేయడానికి ఏం అడ్డొస్తోంది? "లక్క పురుగుల నుంచి" అన్న రెండు మూడు మాటలు, తెలుగులో కూడా. చూసి తినేవాళ్లు తింటారు, వద్దనుకునేవాళ్లు మానేస్తారు. మా అమ్మ ఇప్పుడు కొత్త ప్యాకెట్ ఏది వచ్చినా ముందు నా చేతికిచ్చి, "ఆ తొమ్మిది వందల నాలుగు ఉందేమో చూడు నాన్నా" అంటోంది.