కరెంట్ రేషియో పెరిగింది, చేతిలో డబ్బు తగ్గింది

డిస్ట్రిబ్యూటర్ బ్యాలెన్స్ షీట్ చేతికి రాగానే చాలామంది ముందు కరెంట్ రేషియో చూస్తారు. ఏడాదిలోపు డబ్బుగా మారాల్సిన ఆస్తులు, ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులకు ఎన్ని రెట్లు ఉన్నాయో చెప్పే అంకె అది. నిరుటి కంటే తగ్గకపోతే పేజీ తిప్పేస్తారు. సరుకు కొని అమ్మే వ్యాపారాల్లో ఈ అలవాటు ప్రమాదకరం. అమ్ముడుపోని సరుకు గోడౌన్లో పేరుకుపోతున్నా కరెంట్ రేషియో బాగానే కనిపిస్తుంది. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. పక్కనే స్టాక్‌ను వదిలేసి లెక్కించే క్విక్ రేషియో వేసి, రెండూ ఏ దిక్కుకు కదిలాయో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

గుంటూరు ప్రాంతంలో పురుగుమందుల డిస్ట్రిబ్యూషన్ చేసే ఒక సంస్థ అనుకుందాం. పత్తి, మిర్చి పండే ఊళ్లలోని డీలర్లకు అరువు మీద సరుకు ఇస్తుంది. కిందివి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు, రూ. లక్షల్లో.

| | 31-3-2024 | 31-3-2025 |
|---|---|---|
| స్టాక్ | 140 | 260 |
| డీలర్ల నుంచి రావాల్సింది | 170 | 200 |
| నగదు, బ్యాంకు | 15 | 6 |
| జీఎస్టీ క్రెడిట్, అడ్వాన్సులు | 15 | 24 |
| మొత్తం కరెంట్ ఆస్తులు | 340 | 490 |
| కంపెనీలకు ఇవ్వాల్సింది | 130 | 195 |
| బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు, అంటే సీసీ | 90 | 125 |
| ఇతర చెల్లింపులు | 20 | 20 |
| మొత్తం కరెంట్ అప్పులు | 240 | 340 |

340ని 240తో భాగిస్తే 1.42. మరుసటి ఏడాది 490ని 340తో భాగిస్తే 1.44. బ్యాంకు అప్పుల పరిమితి తేల్చడానికి టాండన్ కమిటీ చెప్పిన రెండో పద్ధతి నుంచి బ్యాంకులు కొలబద్దగా పెట్టుకున్న 1.33ను రెండేళ్లూ దాటింది. ఇప్పుడు క్విక్ రేషియో. ఆస్తుల్లోంచి స్టాక్ ఒక్కటే తీసేస్తే చాలదు. జీఎస్టీ క్రెడిట్‌తో కంపెనీ బిల్లు కట్టలేం, అడ్వాన్సు తిరిగి డబ్బుగా రాదు, సరుకుగానే వస్తుంది. కాబట్టి అవీ తీసేయాలి. మిగిలేది డీలర్ల బాకీ, నగదు. మొదటి ఏడాది 185ని 240తో భాగిస్తే 0.77, రెండో ఏడాది 206ని 340తో భాగిస్తే 0.61.

ఒకటి కాస్త పెరిగింది, రెండోది బాగా పడింది. పెరిగిన 150 లక్షల ఆస్తుల్లో 120 లక్షలు స్టాకే. అమ్మిన సరుకు ఖరీదు మొదటి ఏడాది 828 లక్షలు, రెండో ఏడాది 883 లక్షలు అనుకుంటే, చేతిలో ఉన్న స్టాక్ 62 రోజుల అమ్మకానికి సరిపడే స్థాయి నుంచి 107 రోజులకు చేరింది. అమ్మకం ఏడు శాతం కూడా పెరగలేదు, స్టాక్ దాదాపు రెట్టింపయింది.

దీనికి డిస్ట్రిబ్యూటర్ చెప్పే జవాబు ఒకటి ఉంటుంది: ఖరీఫ్ కోసం కంపెనీలు మార్చిలోనే సరుకు దించేశాయి అని. నిజం కావచ్చు కూడా. సీజన్‌కు ముందు స్కీములు పెట్టి బిల్లులు వేయడం ఈ వ్యాపారంలో మామూలే. కానీ ఆ సరుకు అరువు మీద వచ్చి ఉంటే, స్టాక్ పెరిగినంతా కంపెనీలకు ఇవ్వాల్సిందీ పెరగాలి. ఇక్కడ స్టాక్ 120 పెరిగితే ఆ బాకీ 65 మాత్రమే పెరిగింది. మిగతా 55 లక్షల సరుకుకు డబ్బు కట్టేశారు, సరుకు మాత్రం అమ్ముడుపోలేదు. క్యాష్ డిస్కౌంట్ కోసం ముందే కట్టారా, పాత సరుకు ఆగిపోయిందా అన్నది ఈ రెండు అంకెలు తేల్చవు. మార్చి నెల జీఎస్టీఆర్-2బీలో కొనుగోలు బిల్లులు చూసి, స్టాక్ లిస్టులో బ్యాచ్‌ల వారీగా గడువు తేదీలు చూడాలి. పురుగుమందుకు గడువు ఉంటుంది. గడువు దాటితే అమ్మడానికి లేదు, కంపెనీ వెనక్కి తీసుకోకపోతే దాని విలువ సున్నా. ఈ సంస్థలో అలాంటి సరుకు 30 లక్షలు తేలిందనుకుందాం.

మరి ఇంత జరిగినా కరెంట్ రేషియో ఎందుకు పడలేదు? ఆస్తులు 150 పెరిగితే కరెంట్ అప్పులు 100 పెరిగాయి. మిగతా 50 ఎక్కడి నుంచి వచ్చిందో షీట్‌లో రెండో వైపు వెతకాలి. అక్కడ 10 లక్షల లాభం, బంధువుల దగ్గర తెచ్చిన 40 లక్షల చేబదులు కనిపించాయనుకుందాం. అన్‌సెక్యూర్డ్ లోన్లుగా రాసి దీర్ఘకాలిక అప్పుల్లో పెట్టారు. వాళ్లు అడిగిన రోజు ఇచ్చేయాల్సిన డబ్బే అయితే అది కరెంట్ అప్పు. అక్కడికి మార్చితే 490ని 380తో భాగించాలి, రేషియో 1.29కి దిగుతుంది. రేషియోను నిలబెట్టింది వ్యాపారం కాదు, చేబదులు.

క్విక్ రేషియోనూ ఉన్నదున్నట్టు నమ్మలేం. అది డీలర్ల బాకీని డబ్బుతో సమానంగా లెక్కిస్తుంది. ఈ ప్రాంతంలో మార్చి 31 అనే తేదీకి ఒక ప్రత్యేకత ఉంది. అప్పటికి పత్తి చాలావరకు అమ్ముడుపోయి ఉంటుంది, మిర్చి ఫిబ్రవరి నుంచి యార్డుకు ముమ్మరంగా వస్తూ ఉంటుంది. డీలర్ల దగ్గరి నుంచి వసూళ్లు జోరుగా ఉండాల్సిన రోజులవి. అప్పుడు కూడా 180 రోజులు దాటిన బాకీ ఉందంటే, అది సెప్టెంబరు లోపు ఇచ్చిన సరుకుది, పత్తి డబ్బు చేతికొచ్చాక కూడా తీరనిది. అలాంటి బాకీ 45 లక్షలుంటే దాన్ని తీసేయాల్సిందే. అప్పుడు క్విక్ రేషియో 161ని 340తో భాగిస్తే 0.47. మొదటి ఏడాదికీ ఇదే కోత వేయాలి. అప్పటి పాత బాకీ 20 అయితే 0.69 వస్తుంది. ఒక ఏడాదికే కోత వేసి రెండో దాంతో పోల్చడం తరచూ జరిగే తప్పు.

సంవత్సరాంతపు సర్దుబాట్లను పట్టుకోవడానికి కూడా ఈ జంట పనికొస్తుంది. మార్చి 30న డీలర్ల నుంచి 60 లక్షలు హడావిడిగా వసూలు చేసి సీసీలో కట్టారనుకోండి. కరెంట్ రేషియో 430ని 280తో భాగించి 1.54 అవుతుంది, అంటే పెరుగుతుంది. క్విక్ రేషియో 146ని 280తో భాగించి 0.52 అవుతుంది, అంటే తగ్గుతుంది. రెండు వైపుల నుంచీ ఒకే మొత్తం తీసేస్తే ఒకటి కంటే పైనున్న రేషియో ఇంకా పెరుగుతుంది, కిందున్నది ఇంకా తగ్గుతుంది. అందుకే రెండూ చెరో దిక్కుకు పోయినప్పుడు ఏప్రిల్ మొదటి వారం బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అడగాలి. కట్టిన సీసీ మళ్లీ నిండా వాడేసి ఉంటే విషయం తేలిపోతుంది.

చివరికి ఇదంతా బ్యాంకు దగ్గర ఎలా తగులుతుందో చూడండి. సీసీలో ఎంతవరకు వాడుకోవచ్చో తేల్చే డ్రాయింగ్ పవర్ లెక్కలో స్టాక్‌లోంచి కంపెనీల బాకీ తీసేసి 25 శాతం మార్జిన్ కోత, 90 రోజుల లోపు డీలర్ల బాకీ మీద 40 శాతం మార్జిన్ పెట్టారనుకుందాం. శాతాలు బ్యాంకును బట్టి మారతాయి. డీలర్ల బాకీలో 90 రోజుల లోపుది 120 అయితే దాని మీద 72 వస్తుంది. స్టాక్ 260 అని చూపితే 65 మీద సుమారు 49. కలిపి 121, వాడుకున్న సీసీ 125. గడువు దాటిన 30 లక్షల సరుకును స్టాక్ ఆడిట్‌లో కొట్టేస్తే డ్రాయింగ్ పవర్ 98కి పడిపోతుంది. అంటే 27 లక్షలు వెంటనే తెచ్చి కట్టాలి. చేతిలో ఉన్నది 6 లక్షలు. మార్చిలో దించిన సరుకు బిల్లులు జూన్ లోపు గడువుకొస్తాయి, ఖరీఫ్‌లో అరువిచ్చిన దాని మీద డబ్బు పత్తి తీతలు మొదలైతే గానీ రాదు. ఇలాంటి సంస్థకు కొత్త అరువు ఇచ్చే ముందు కంపెనీ అయినా బ్యాంకయినా 1.44ను పక్కనబెట్టి, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నెలవారీగా వచ్చేదెంత, పోయేదెంత అన్న పట్టిక రాయించుకోవాలి.