అంతా సవ్యంగానే ఉంది, సంతకం పెట్టండి

ఉద్యోగం మానేస్తున్న గోడౌన్ సూపర్‌వైజర్ రాసే హ్యాండోవర్ నోట్‌కి రావలసినంత పేరు రాలేదు. ఇంత పెద్ద గోడౌన్‌ని ఒక్క పేజీలో ఇమడ్చడం, ఆ పేజీలోనూ ఎక్కడా ఏమీ చెప్పకపోవడం మామూలు ప్రతిభ కాదు. ఈ మధ్య అలాంటి నోట్ ఒకటి నా కంటపడింది. మొత్తం మూడే శీర్షికలు. పెండింగ్ ఆర్డర్లు: "కొన్ని ఉన్నాయి, కంప్యూటర్‌లో చూసుకోగలరు." వెండర్ల ఫోన్ నంబర్లు: "లిస్టు జత చేశాను." సేఫ్టీ: "రోజూ పాటిస్తున్నాం." కింద సంతకం, తేదీ. ఆ సంతకంతో ఆయన బాధ్యతలన్నీ తీరిపోయాయి. కొత్తాయన బాధ్యతలు మాత్రం ఆ క్షణంలోనే పుట్టాయి.

ఈ పద్ధతిని విమర్శించేవాళ్లు లేకపోలేదు. నోట్ అనేది వెళ్లేవాడి రక్షణ కోసం కాదు, వచ్చేవాడి ఉపయోగం కోసం అని వాళ్ల వాదన. ఎంత అమాయకత్వం! ఆ వాదనలో పస ఎంతో ఒక ఆర్డర్‌ పెట్టి చూద్దాం.

ఫ్లోర్ టైల్స్ ఆర్డర్ ఒకటి పెండింగ్‌లో ఉంది. మొత్తం 120 పెట్టెలు. 84 వెళ్లిపోయాయి, 36 వెళ్లాలి. కంప్యూటర్‌ని అడిగితే స్టాకు 40 ఉందంటుంది. లెక్క ఇంత సాఫీగా ఉంటే నోట్‌లో వేరే రాయడానికి ఏముంటుంది? ర్యాక్ దగ్గరికి వెళ్లి పెట్టెల్ని కదిపి చూడకపోతే ఎవరికీ ఏ సందేహమూ రాదు. కదిపితే మాత్రం 26 పెట్టెల్లోంచి ముక్కల చప్పుడు వినిపిస్తుంది. మూలలు నలిగి, లోపల టైల్స్ పగిలిన పెట్టెలవి. వాటిని డ్యామేజీ కింద వేరు చేసి, కంప్యూటర్‌లో ఆపి ఉంచాలి. కానీ అలా చేస్తే స్టాకు 14కి పడిపోతుంది. 14 అనే అంకె చూడ్డానికి ఏం బావుంటుంది? అందుకే 40ని 40గానే ఉండనిచ్చారు.

అసలు కిటుకు ఇంకొకటుంది. టైల్స్‌కి డిజైన్ ఒకటే అయినా, బ్యాచ్ మారితే రంగులో చిన్న తేడా వస్తుంది. పెట్టె మీద షేడ్ నంబరు అచ్చు వేసేది అందుకే. విడిగా చేతిలో పట్టుకుంటే ఆ తేడా తెలియదు, పక్కపక్కన పరిస్తేనే తెలుస్తుంది. 84 పెట్టెలు తీసుకున్న కస్టమర్ ఫోన్ చేసి, మిగతావి కూడా అదే బ్యాచ్‌లోంచి కావాలని గట్టిగా చెప్పాడు. ఆ ఫోన్ ఎత్తింది పాత సూపర్‌వైజరే. ఆ సంగతి ఆయన బుర్రలో భద్రంగా ఉంది, బుర్రతో పాటే గేటు దాటింది. కొత్తాయన బుద్ధిమంతుడు. బాగున్న 14 పెట్టెలకు అప్పుడే వచ్చిన కొత్త లోడులోంచి 22 కలిపి 36 పంపేశాడు. ఆ 22 అదే లారీలో వెనక్కొచ్చాయి. సగం హాలు ఒక రంగు, సగం ఇంకో రంగు అయితే కస్టమర్ మాత్రం ఏం చేస్తాడు?

"బ్యాచ్ మార్చొద్దు, 14 మాత్రమే మంచివి, 22 పాత బ్యాచ్‌లో దొరుకుతాయేమో వెండర్‌ని అడిగాను, ఇంకా జవాబు రాలేదు" అని రాసి ఉంటే సరిపోయేదని విమర్శకులు అంటారు. నిజమే, ఒక్క వాక్యం. అయితే ఆ వాక్యం రాస్తే 26 పెట్టెలు ఎప్పుడు పగిలాయన్న ప్రశ్న వస్తుంది. అవి లారీలోనే పగిలి వచ్చాయి. దించేటప్పుడే చలాన్ మీద "26 పెట్టెలు డ్యామేజీ" అని రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించుకుని, ఫొటోలు తీసి ఉంటే నష్టం ఎవరిదో తేలేది. డ్రైవర్ తొందరపడ్డాడు, మనవాడు మొహమాటపడ్డాడు, "సరుకు సక్రమంగా ముట్టింది" అన్న చోట సంతకం పడిపోయింది. ఆ సంతకం పడ్డాక క్లెయిమ్ అడగడమంటే బతిమాలడమే.

ఎవర్ని బతిమాలాలో తెలియాలంటే లిస్టు చూడాలి. లిస్టులో వెండర్ ఆఫీసు నంబరు ఉంది, ఎత్తిన అమ్మాయి మర్యాదగా "రేపు చేయండి సార్" అంటుంది. ఒక సేల్స్ ఆయన పేరుంది, ఆయన ఆ కంపెనీ వదిలి చాలా కాలమైంది. లోడు ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పే మనిషి వేరు, డ్యామేజీకి ఒప్పుకునే మనిషి వేరు, పాత బ్యాచ్ ఎక్కడైనా మిగిలిందేమో వెతికిపెట్టే మనిషి ఇంకా వేరు. ఆ ముగ్గురూ పాత సూపర్‌వైజర్ ఫోన్‌లో "లోడింగ్ అన్న", "టైల్స్ కొత్త", "టైల్స్ కొత్త 2" అన్న పేర్లతో ఉన్నారు. ఎవరికి ఏ మాట ఇచ్చారో, ఎవరు ఏ మాట తప్పారో అన్నది ఆ పేర్లలో కూడా లేదు.

ఇక సేఫ్టీ. ఈ విభాగం గురించి రాయాలంటే చేతులు జోడించాలి. ఫోర్క్‌లిఫ్ట్‌ని రోజూ షిఫ్టు మొదలయ్యే ముందు చూడాలి: ఫోర్కులు, గొలుసులు, బ్రేకులు, హారన్, టైర్లు, ఆయిల్ కారుతోందా లేదా. ఆ షీట్‌లో ప్రతి గడిలోనూ టిక్కు ఉంది. బండి రిపేరుకి పోయి గోడౌన్‌లోనే లేని రోజున కూడా బ్రేకులు బాగున్నాయి. వచ్చే వారానికి కూడా టిక్కులు పడిపోయాయి. హారన్ మోగదు, డ్రైవరే నోటితో కేకేస్తాడు. నోరు బాగానే ఉంది కాబట్టి టిక్కు పెట్టడంలో తప్పేం లేదు.

ఇదంతా చూస్తే నవ్వొస్తుంది. నవ్వురానిది మూడో వరసలో ఉంది. అక్కడొక ర్యాక్ నిలువు స్తంభానికి ఎప్పుడో ఫోర్క్‌లిఫ్ట్ తగిలి, అడుగు భాగం లోపలికి వంగింది. ర్యాక్‌ల తనిఖీకి యూరప్‌లో ఈఎన్ 15635 అని ఒక ప్రమాణం ఉంది. మీటరు పొడవున్న తిన్నని బద్దను వంగిన చోట ఆనించి, మధ్యలో సందు ఎంతో కొలుస్తారు. బీముల దిశలో వంగితే 5 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. రెట్టింపు దాటితే వెంటనే సరుకు దించేసి ఆ అరలు మూసెయ్యాలి. మధ్యలో ఉంటే త్వరగా బాగుచేయించాలి, ఒకసారి ఖాళీ చేశాక బాగయ్యేదాకా మళ్లీ నింపకూడదు. మన స్తంభాన్ని ఎవరూ కొలవలేదు. చుట్టూ పసుపు టేపు చుట్టారు. డ్రైవర్లు మాత్రం తమలో తాము ఒక మాట అనుకుని, ఆ స్తంభానికి అటూ ఇటూ బరువు పెట్టడం మానేశారు. గోడౌన్ మొత్తంలో నిజంగా పాటిస్తున్న సేఫ్టీ రూలు ఆ ఒక్కటే. కాగితం మీద లేనిదీ అదొక్కటే.

కొత్తాయన వచ్చీరాగానే ఆ ఖాళీ అరల్ని చూశాడు. చోటు చాలక సరుకు నడవలో పెడుతుంటే ఇక్కడ ఇంత జాగా ఖాళీగా ఉందేమిటని ఆశ్చర్యపోయాడు. కొత్త టైల్స్ లోడు, ప్యాలెట్ ఒక్కొక్కటీ టన్ను పైచిలుకు, అక్కడే పెట్టించాడు. మూడో ప్యాలెట్ ఎక్కిస్తుండగా పాత డ్రైవర్ ఒకడు టీ తాగి వచ్చి, చూసి, కేకేశాడు. ఆ పూట హారన్ లేని లోటు తీరింది. ప్యాలెట్లు జాగ్రత్తగా కిందికి దిగాయి. "ఇది ముందే చెప్పొచ్చు కదయ్యా" అని కొత్తాయన అడిగితే, "అందరికీ తెలుసు కదా సార్, మీకూ చెప్పే ఉంటారనుకున్నాం" అన్నాడతను.

నోట్‌లో చివరి వాక్యం ఒకటి చెప్పడం మరిచాను: "ఏ సందేహం ఉన్నా ఈ నంబరుకి నిస్సంకోచంగా ఫోన్ చేయగలరు." ఆ సాయంత్రమే కొత్తాయన చేశాడు. తన టేబుల్ సొరుగులోనే మోగింది. కంపెనీ ఇచ్చిన ఫోన్ కదా, పాతాయన వెళ్లేముందు రూలు ప్రకారం తిరిగి అప్పగించాడు. అప్పగించే ముందు, అదీ రూలు ప్రకారమే, అందులోని నంబర్లన్నీ చెరిపేశాడు.