కేకు కోశారు సరే, ఏప్రిల్ నెల ఎవరు మూస్తారు?

ఇప్పుడే మెయిల్ వచ్చింది. "హైపర్‌కేర్ విజయవంతంగా ముగిసింది, రేపటి నుంచి సమస్యలేవైనా రెగ్యులర్ సపోర్టుకి పంపగలరు" అట. కింద కేకు ఫోటో ఒకటి. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో కొత్త ఈఆర్పీ, అదే అమ్మకాలూ లెక్కలూ అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్, ఏప్రిల్ 1న గో-లైవ్ అయింది, రెండు వారాలు గడిచాయి, అంతే, ముగిసిందట! ఏం ముగిసిందండీ? కొత్త సిస్టంలో ఒక్క నెల లెక్కలు కూడా ఇంకా మూయలేదు. ఏప్రిల్ అమ్మకాల రిటర్న్, జీఎస్టీఆర్-1, వేయాల్సింది మే 11 లోపు. పన్ను కట్టే రిటర్న్ 3బి మే 20 లోపు. అసలు లెక్కలు సరిపోయాయో లేదో తేలేదే అప్పుడు. ముహూర్తానికి ముందే పంతులు దక్షిణ తీసుకుని బస్సెక్కినట్టుంది.

హైపర్‌కేర్ అంటే ఏంటనుకుంటున్నారు వీళ్లు? సిస్టం కట్టినవాళ్లే గో-లైవ్ తర్వాత కొన్నాళ్లు పక్కన నిలబడి, మామూలు సపోర్టు కంటే వేగంగా సమస్యలు తీర్చే కాలం. ఆ పక్కన నిలబడ్డం ఎక్కడ జరిగిందో చెప్తా వినండి. హైదరాబాద్‌లో, ఏసీ గదిలో, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. గదికి పేరు వార్ రూమ్! యుద్ధం మాత్రం ఇక్కడ రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. పొద్దున యార్డులో వేలంపాటలు, మధ్యాహ్నం కాటాలు, సాయంత్రానికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గోడౌన్ చేరతాయి, హమాలీలు లోడు ఎత్తేసరికి రాత్రి. లారీ కదలాలంటే ఇన్వాయిస్, దానికి ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ఇచ్చే ఐఆర్‌ఎన్ నంబరు, సరుకు రవాణాకి ఈ-వే బిల్లు కావాలి. ఈ మూడూ పుట్టే టైములో వార్ రూమ్‌కి తాళం.

ఇప్పుడు అసలు మంట పుట్టించిన ఫిర్యాదు టికెట్ సంగతి. శనివారం రాత్రి డిస్పాచ్ గుమస్తా ఇన్వాయిస్ పంపాడు. స్క్రీన్ తిరిగి తిరిగి టైమ్ అవుట్ అంది. మళ్లీ నొక్కాడు. ఈసారి ఎర్రక్షరాల్లో ఇది వచ్చింది:

```
2150 : Duplicate IRN
```

తెలిసినవాడికి ఇది చూడగానే అర్థమైపోతుంది. మొదటిసారి పంపినప్పుడే పోర్టల్ ఐఆర్‌ఎన్ ఇచ్చేసింది, జవాబు మాత్రం ఈఆర్పీకి చేరలేదు. చేయాల్సింది ఒక్కటే. అదే ఇన్వాయిస్ నంబరుతో పోర్టల్‌ని అడిగి, వచ్చిన ఐఆర్‌ఎన్‌ని సిస్టంలోకి లాక్కోవాలి. ఆ బటన్ గుమస్తా స్క్రీన్ మీద లేదు. ఆ పని చేసే ప్రోగ్రాం నడిపే అనుమతి ఒక్క డెవలపర్‌కే ఉంది, ఆయన ఫోను సోమవారం దాకా ఎత్తడు. బయట డ్రైవర్ హారన్. పాపం గుమస్తా ఏం చేస్తాడు? కొత్త నంబరుతో ఇంకో ఇన్వాయిస్ కొట్టాడు. అది గెలిచింది, ఈ-వే బిల్లు వచ్చింది, లారీ వెళ్లిపోయింది. అందరూ హ్యాపీ.

హ్యాపీ ఏం కాదు. ఒకే లారీకి ఇప్పుడు పోర్టల్‌లో రెండు ఇన్వాయిస్‌లు. రెండూ తిన్నగా జీఎస్టీఆర్-1లోకి వచ్చి కూర్చుంటాయి. మొదటిదాన్ని పోర్టల్‌లో రద్దు చేసుకోడానికి గడువు 24 గంటలే. అది దాటితే క్రెడిట్ నోటో, రిటర్న్ వేసే ముందు చేత్తో దిద్దడమో. గుమస్తా ఆ రాత్రే టికెట్ పెట్టాడు, మెచ్చుకోవాలి. ఏ టికెట్ ముందు, ఏది వెనక అని తేల్చే మన ట్రయాజ్ మహానుభావులు దానికి ఇచ్చిన ప్రాధాన్యం పీ-3, అంటే మూడో వరస. కారణం: "ఒక్క యూజర్, ఒక్క రికార్డు, ప్రత్యామ్నాయం ఉంది." పీ-3కి గడువు మూడు పనిదినాలు! ఆదివారం పనిదినం కాదు కదా, బుధవారం సాయంత్రానికి చూస్తారన్నమాట. చట్టం ఇచ్చింది 24 గంటలు, వీళ్లు ఇచ్చింది మూడు రోజులు. దీన్ని పట్టుకోలేని ట్రయాజ్ ఎందుకు నాయనా?

ఎంతమంది యూజర్లు ఏడుస్తున్నారన్నది లెక్క కాదు. ఏ పని ఆగింది, బయటి గడువు ఎప్పుడు, ప్రత్యామ్నాయం వల్ల రేపు ఇంకో తప్పు పుడుతుందా, ఈ మూడే అడగాలి. రిపోర్టులో కాలమ్ వంకరగా ఉందని నలభైమంది గోల పెట్టినా అది పీ-3యే. లారీ దగ్గర 2150 వస్తే, ఒక్కడే అడిగినా, అది పీ-1. ఈ తేడా చెప్పగలిగేది వ్యాపారం తెలిసినవాడు. ట్రయాజ్ కుర్చీలో కంపెనీ తరఫు మనిషి ఒకరు ఉండి ఆఖరి మాట ఆయనదే అయితే సగం గొడవ ఉండదు. ఇక్కడ ఆ కుర్చీలో కూర్చున్న పిల్లాడికి టిక్కీ అంటే ఏంటో తెలీదు, ఆలూ టిక్కీ అనుకున్నాడేమో.

అసలు ఏప్రిల్ 1న ఎవడు పెట్టమన్నాడండీ ఈ గో-లైవ్? ఇది నా పాత కడుపుమంట. ఓపెనింగ్ బ్యాలెన్సులు సులువని, ఏడాది మధ్యలో లెక్కలు విరగ్గొట్టక్కర్లేదని చెప్తారు. ఎవరికి సులువు? కన్సల్టెంటుకి. మిర్చి సీజన్ నడుస్తుంటుంది, టిక్కీలు ముంచెత్తుతుంటాయి, పాత ఏడాది లెక్కలు ముగించాల్సిన అకౌంటెంటే కొత్త సిస్టంకి కీ యూజర్. పగలు పాత పుస్తకాలు, రాత్రి కొత్త టికెట్లు. ఆయన పని చూడ్డానికి ఇంకో మనిషిని ఇచ్చారా? ఇవ్వలేదు. ఇక ఆయన టెస్టింగ్ సరిగ్గా చేయలేదని మీటింగులో నింద. యార్డు సెలవుల్లో పెట్టుకుని ఉంటే లోడు తక్కువ, తప్పు చేసినా దిద్దుకునే తీరిక ఉండేది.

సరే, కేకు దగ్గరికి వద్దాం. ముగించడానికి వాళ్లు చూపించిన ప్రమాణం "ఓపెన్ టికెట్లు పదికి తక్కువ". దీన్ని గెలవడం చిటికెలో పని. డేటా దిద్దేసి టికెట్ మూసేయడమే. రేపు అదే తప్పు ఇంకో లారీకి వస్తే అది కొత్త టికెట్ కదా! 2150ని అలాగే మూశారు, కారణం అలాగే ఉంది. చూడాల్సింది ఓపెన్ ఎన్ని అని కాదు, రోజుకి కొత్తవి ఎన్ని వస్తున్నాయి, అందులో పాత కారణంతోనే వచ్చినవెన్ని అని. వరసగా ఐదు పనిదినాలు పీ-1, పీ-2 ఒక్కటీ తెరిచి ఉండకూడదు. ఒక నెల పూర్తిగా మూసి, పోర్టల్‌లో ఉన్న ఇన్వాయిస్‌ల మొత్తం పుస్తకాలతో రూపాయితో సహా కలవాలి. ఆఖరి వారం రెగ్యులర్ సపోర్టు వాళ్లే టికెట్లు తీర్చాలి, కట్టినవాళ్లు చేతులు కట్టుకుని చూడాలి. అప్పుడు కోయండి కేకు, నేనూ తింటా.

మనుషుల సంగతీ అంతే. పాతికమంది అక్కర్లేదు. సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా గోడౌన్‌లో లోడింగు దగ్గర ఒకరు, అకౌంట్స్‌లో పగలు ఒకరు, లైవ్ సిస్టంలో పని చేసే అనుమతితో రాత్రి ఫోనెత్తే డెవలపర్ ఒకరు. లోడింగు మొదలయ్యే ముందు ఐదింటికి ఒక ట్రయాజ్, పొద్దున తొమ్మిదికి ఇంకోటి. రెండో వారం తర్వాత తగ్గించుకోండి, నెలాఖరుకి మళ్లీ పెంచండి. నెలాఖరున కొత్త సమస్యలు లేస్తాయని తెలిసీ, సరిగ్గా అప్పటికే ఖాళీ చేసి పోతారు.

పొడిగించమంటే ఛేంజ్ రిక్వెస్ట్ అంటారు, రోజు రేటు పంపుతారు. అగ్రిమెంట్‌లో "14 రోజులు" అని రాసుంటే వాళ్లనీ తప్పుపట్టలేం. ఈ సీజన్ తర్వాత సంతకం పెట్టబోయే మిర్చి కంపెనీలు, కోల్డ్ స్టోరేజీలు ఎవరైనా ఉంటే, ఆ లైన్ కొట్టేయించి "మొదటి జీఎస్టీఆర్-1 పుస్తకాలతో కలిసేదాకా" అని రాయించండి, వాళ్లకిచ్చే ఆఖరి వాయిదా డబ్బు దానికే ముడిపెట్టండి. సపోర్టు వేళలు కూడా వాళ్ల ఆఫీసు టైముకి కాదు, మీ లారీలు కదిలే టైముకి రాయించండి.