తొమ్మిదక్షరాల లెక్క సరిపోయింది గదా!

మా బిడ్డ పేరు వైష్ణవి. తొట్టెల పండుగనాడు నల్లగొండలో మా ఇంటి నిండా చుట్టాలు కూసున్నప్పుడు, మా అమ్మ దాని చెవిలో మూడుసార్లు చెప్పిన పేరది. ఆ తంతు మొత్తం చెల్లదని మాకు పద్నాలుగేళ్ల తర్వాత తెలిసింది. అసలు నామకరణం బిడ్డ పుట్టిన మూడేళ్లకు, ఒక బడి ఆఫీసు గదిలో, అడ్మిషన్ రిజిస్టర్ ముందు జరిగింది. పంతులు, పసుపు, కుంకుమ ఏమీ లేవు. పేరు పెట్టినాయన ఒక చేత్తో చాయ్ గ్లాసు పట్టుకొని, రెండో చేత్తో VAISHANVI అని రాసిండు.

చదివి చూడండి. వైషన్వి. ఏ దేవతో తెలియదు గానీ పలకడానికి మాత్రం బాగానే ఉంది.

ఈ ఏడు బిడ్డ పదో తరగతికి వచ్చింది. దసరా సెలవులు కాగానే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితాలు, అంటే నామినల్ రోల్స్, బోర్డుకు పోతాయని చెప్పిండ్రు. సరే, ఒక్కసారి పేరు చూసుకుందామని బడికి పోయిన. గుమాస్తా సారు మర్యాదస్తుడు. రిజిస్టర్ తీసి చూపించి, నేను నోరు తెరవకముందే తీర్పు కూడా చెప్పిండు.

"సార్, ఇండ్ల తప్పేముంది? మీ ఆధార్‌ల తొమ్మిదక్షరాలు, మా రిజిస్టర్‌ల తొమ్మిదక్షరాలు. ఒక్కటి తగ్గలే, ఒక్కటి పెరగలే. ఎన్ను, ఏ జర అటిటు అయినయి, గంతే. నడుస్తది."

కాదనలేకపోయిన. తూకం సరిగ్గానే ఉంది. బస్తాలో బియ్యం అటో ఇటో జరిగినయని ఎవరైనా దుకాణం మీదికి పోతరా? నేనే ఎక్కువ చేస్తున్నానేమో అనిపించింది. పైగా న్యూమరాలజీ పేరు చెప్పి ఒక ఏ, ఒక హెచ్ అదనంగా తగిలించుకోవడానికి జనం వేలకు వేలు పోస్తున్న కాలమిది. మాకు ఆ మార్పిడి ఉచితంగానే జరిగింది.

అయినా ఎందుకు పట్టుబట్టానో చెప్తా. పదో తరగతి మెమో అంటే మార్కుల కాగితం అనుకుంటాం గానీ, అది మనిషికి రెండో పుట్టుక. ఇంటర్‌ల చేరినా, ఎంట్రన్స్ రాసినా, కొలువుకు దరఖాస్తు పెట్టినా "ఎస్సెస్సీ మెమోలో ఉన్నట్టు పేరు రాయండి" అనే అడుగుతరు. మెమో వచ్చినంక తప్పు దిద్దాలంటే హెడ్మాస్టర్ ప్రతిపాదన రాయాలె, అది జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసు మీదుగా హైదరాబాద్‌ల ప్రభుత్వ పరీక్షల విభాగానికి పోవాలె. అక్కడివాళ్లు మన బిడ్డ మొఖం చూడరు, తొట్టెల ఫోటోలు చూడరు. బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు అడుగుతరు. మెమోలో VAISHANVI, రిజిస్టర్‌లో VAISHANVI. రెండూ కలిసినయి, కాబట్టి తప్పే జరగలేదు. తప్పు జరగనప్పుడు దిద్దేదేముంటుంది? ఈ తర్కంలో నాకు ఒక్క లొసుగూ దొరకలేదు.

అందుకే దరఖాస్తు ఇప్పుడే, రిజిస్టర్ దగ్గరే పెట్టాలె. నామినల్ రోల్ పోకముందు ఇది ఒక తెల్లకాగితం పని. పోయినంక ఫైలు పని.

ఆ రాత్రి దరఖాస్తు రాసిన. మొదటి ప్రతిలో బిడ్డ పుట్టుపూర్వోత్తరాలు, మా అమ్మ పెట్టుకున్న ఆశలు, తెలుగు భాషకు జరుగుతున్న అన్యాయం, అన్నీ కలిపి రెండున్నర పేజీలు అయింది. మా ఆవిడ చదివి, "వాళ్లకు కతలు చెప్పకుండ్రి, నంబర్ రాయండ్రి" అన్నది. నిజమే. చివరికి మిగిలింది పన్నెండు పంక్తులు. ప్రధానోపాధ్యాయులు గారికి అని మొదలుపెట్టి, బిడ్డ అడ్మిషన్ నంబర్, తరగతి, సెక్షన్ రాసిన. తర్వాత అసలు సంగతిని ఇట్ల విడదీసి పెట్టిన:

రిజిస్టర్‌లో ఉన్నది: V-A-I-S-H-A-N-V-I
ఉండవలసినది: V-A-I-S-H-N-A-V-I

మధ్యలో గీతలు పెట్టకపోతే చదివే కన్ను రెండింటినీ ఒక్కతీరుగానే చూస్తది. నేనే రెండుసార్లు పొరబడ్డ. కింద మరో మాట కూడా రాసిన: ఇది పేరు మార్పు కాదు, అక్షర దోషం సవరణ. ఈ ముక్క లేకపోతే "పేరు మార్చాలంటే గెజిట్ తెండి" అంటరు. ఆ తొవ్వ వేరు, ఆ ఖర్చు వేరు. జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు కుట్టిన. రెండిట్లోనూ పేరు ఒకే తీరుగా ఉండటం మా పూర్వజన్మ సుకృతం. అవే కలవనోళ్లు ముందు వాటిని ఒక తొవ్వకు తెచ్చుకోవాలె.

హెడ్మాస్టర్ గారు చదివి, నొచ్చుకుంటూ అన్నరు: "తప్పు మాది కాదండీ. మీ పాత బడి ఇచ్చిన రికార్డు షీట్‌ల ఎట్లుందో మేం అట్లనే ఎక్కించుకున్నం. వాళ్లు దిద్దిస్తే మేం దిద్దుతం."

ప్రైమరీ బడి అయిదో తరగతి దాటినోళ్లకు ఇచ్చే కాగితమే రికార్డు షీట్. తప్పు అక్కడ పుట్టి ఇక్కడికి నడిచొచ్చింది. మళ్లీ ఆ బడికి పోయిన. అక్కడి హెడ్మాస్టరమ్మ పాత రిజిస్టర్ వెతికి తీసింది. అంచులు చెదలు కొట్టినట్టున్నయి, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. వైట్‌నర్ పూస్తుందేమో అనుకున్న. ఆమె స్కేలు పెట్టి తప్పు పేరు మీద ఒకే ఒక ఎర్రగీత గీసింది, కింది అక్షరాలు కనబడేటట్టు. పైన సరైన పేరు రాసి, పక్కన సంతకం, తేదీ, ముద్ర వేసింది. "పూసేస్తే దొంగలెక్క అంటరు సార్, కొట్టేస్తేనే లెక్క" అన్నది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దండం పెట్టాలనిపించిన మనిషి ఆమె ఒక్కతే.

దిద్దిన రికార్డు షీట్ పట్టుకొని వస్తే హైస్కూల్ రిజిస్టర్‌లో కూడా ఎర్రగీత పడ్డది. నేను దరఖాస్తు రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం అడిగిన. గుమాస్తా సారు ముద్ర కొట్టి, శ్రద్ధగా రాసి ఇచ్చిండు: "వైషన్వి తండ్రి గారి దరఖాస్తు అందినది."

ఇంక అయిపోయిందనుకుంటే కాలే. రిజిస్టర్ పుస్తకంలో ఉంటది, నామినల్ రోల్ కంప్యూటర్‌లోకెల్లి వస్తది. పుస్తకంలో గీసిన ఎర్రగీత బడి పిల్లల వివరాలుండే యూడైస్ వెబ్‌సైట్‌కు వినబడదు. అక్కడ విడిగా మార్చాలె. బిడ్డకు విద్యార్థులకిచ్చే అపార్ ఐడీ ఎందుకు రావట్లేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆన్‌లైన్‌ల పేరు, ఆధార్‌ల పేరు కలవాలె. మనుషులకు నడిచిన తొమ్మిదక్షరాల లెక్క కంప్యూటర్‌కు నడవలే. గుమాస్తా సారుకు ఈ సంగతి చెప్తే, "దానికి తెల్వది సార్" అన్నడు జాలిగా.

వారం తర్వాత పేరు మారింది. పంపేముందు సరిచూసుకోమని ప్రింటు ఇచ్చిండ్రు. నేను, మా ఆవిడ ఆ కాగితాన్ని పెళ్లి లగ్నపత్రిక చదివినట్టు చదివినం. బిడ్డ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ. వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం. VAISHNAVI. ఎన్ను ముందు, ఏ వెనుక.

"ఇగ సంతకం పెట్టు బిడ్డా" అని పెన్ను ఇచ్చిన.

బిడ్డ గుండ్రంగా, ముద్దుగా, పదేళ్లుగా పరీక్ష పేపర్ల మీద రాసి రాసి అలవాటైన చేత్తో సంతకం పెట్టింది: Vaishanvi.